ఉద్యోగితా సిద్ధాంతాల పోలిక టేబుల్: తరచుగా అడిగే ప్రశ్నలు

పరీక్షల ముందు నెల రోజులు ఒంగోలులో మా మేడ మీద ఎంఏ ఎకనామిక్స్ పిల్లలు ఐదారుగురు కూర్చుని చదువుకుంటారు. కందుకూరు, సింగరాయకొండ, కావలి నుంచి వచ్చేవాళ్లు. ఏటా మనుషులు మారతారు కానీ డౌట్లు మారవు. అందులోనూ "సంప్రదాయ, కీన్స్, ఫ్రీడ్‌మన్ సిద్ధాంతాలను పోల్చండి" అనే వ్యాసం దగ్గర అందరూ ఒకే చోట తట్టుకుంటారు. చెప్పిందే చెప్పీ చెప్పీ గొంతు పోతోందని ఈసారి రాసి పెట్టాను. ఉదాహరణలన్నీ ఒక్క వ్యాసం చుట్టూనే ఉంటాయి: నిరుద్యోగిత ఎందుకు వస్తుంది, కూలి తగ్గిస్తే పోతుందా? ఎవరికి ఏ డౌటు ఉంటే అది మాత్రమే చదువుకోవచ్చు.

## నోట్సు ముందేసుకున్నప్పుడు

అక్కా, నా నోట్సు మూడు చోట్ల ఉంది. ముందు అంతా ఫెయిర్ చేసుకుని తర్వాత టేబుల్ వేయాలా?

వద్దు. ఫెయిర్ చేయడానికి మూడు రోజులు పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఫెయిర్ చేసేటప్పుడు మనకు తెలియకుండానే ఒక నోట్సుకీ ఇంకో నోట్సుకీ ఉన్న తేడాలను సర్దేస్తాం. టేబుల్‌కి కావలసింది ఆ తేడాలే.

ఉన్న నోట్సును ఉన్నట్టే ఉంచి పేజీలకు గుర్తులు వేయండి. ఎర్ర అట్ట లాంగ్ బుక్కు అయితే ఎ-1, ఎ-2 అని, నల్ల అట్టది న-1, న-2 అని, జిరాక్సులు జి-1, జి-2 అని పై మూలన పెన్నుతో రాస్తే చాలు. తర్వాత పెన్సిల్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుతూ పోండి. ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో, ఆ పేరా ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో రాయండి. "నిరుద్యోగిత ఎందుకు?", "పొదుపు పెరిగితే?", "సర్కారు ఏం చేయాలి?" ఇలా మీ మాటల్లోనే రాయండి. ఏ ప్రశ్నకూ జవాబు కాని పేరాలు కొన్ని తేలతాయి. జీవిత చరిత్ర, పుస్తకం గొప్పతనం లాంటివి. వాటి పక్కన ఏమీ రాయకుండా వదిలేయండి. నలభై పేజీల నోట్సుకి ఒక సాయంత్రం సరిపోతుంది.

సగం క్లాసులు మిస్సయ్యాను. ఫ్రెండ్ నోట్సు జిరాక్స్ తీసుకుని కలిపేస్తే తప్పా?

తప్పేం లేదు. కాకపోతే జిరాక్స్‌కి వేరే గుర్తు వేయండి. మీరు విని రాసుకున్నదీ, ఇంకొకరు విని రాసినదీ ఒకే బరువు తూగవు.

పోయినేడాది ఒకమ్మాయి టేబుల్‌లో కీన్స్ గడిలో "నిరుద్యోగిత ఇచ్ఛాపూర్వకం" అని కనిపించింది. కీన్స్ చెప్పింది దానికి నేరుగా ఎదురు మాట. జిరాక్స్ తెప్పించి చూస్తే సంగతి అర్థమైంది. కాగితం పక్కకు జరిగి ఎడమ మార్జిన్ తెగిపోయింది. "అనిచ్ఛాపూర్వక" అన్న మాటలో "అ" అచ్చులో పడలేదు. మిగిలిన "నిచ్ఛాపూర్వక" చూసి తప్పు రాశారేమో అనుకుని తను దిద్దుకుంది. ఒక్క అక్షరంతో కీన్స్ వెళ్లి పిగూ పక్కన కూర్చున్నాడు. అందుకే జి గుర్తు ఉన్న మాట ఒక్కటే ఆధారంగా గడి నింపాల్సి వస్తే పెన్సిల్‌తో నింపండి. టెక్స్ట్‌బుక్కులో సరిచూశాక పెన్నుతో దిద్దండి.

## వరుసలు గీసేటప్పుడు

సే, రికార్డో, మార్షల్, పిగూ, కీన్స్, హిక్స్, ఫ్రీడ్‌మన్... అందరికీ నిలువు వరుసలు వేయాలా?

మూడు వేయండి: సంప్రదాయ, కీన్స్, ఫ్రీడ్‌మన్. ఏడు వరుసలు వేస్తే గడులు అగ్గిపెట్టెలంత అయి ఎవరి గడిలోనూ కారణం పట్టదు, పేర్లే మిగులుతాయి.

అయితే "సంప్రదాయ" అన్న తలకట్టు దగ్గర కాస్త జాగ్రత్త. తన కంటే ముందున్నవాళ్లలో రికార్డో దారిలో నడిచిన మిల్, మార్షల్, ఎడ్జ్‌వర్త్, పిగూలను కూడా కలిపి ఒకే పేరు కింద కట్టగట్టింది కీన్సే. 1936 నాటి ఆయన పుస్తకం మొదటి అధ్యాయం ఫుట్‌నోట్‌లోనే ఆ సంగతి ఒప్పుకున్నాడు. కాబట్టి ఆ వరుసలో ఉన్నవాళ్లందరూ ఒకే పుస్తకం రాసినట్టు అనుకోకూడదు. "సప్లయ్ తన డిమాండ్‌ను తానే సృష్టించుకుంటుంది" అనే వాదం ప్రస్తావన వస్తే గడిలో సే పేరు, 1803 అని రాయండి. కూలి రేటుకీ నిరుద్యోగితకీ ముడిపెట్టే వాదం వస్తే పిగూ, 1933 అని రాయండి. రెంటి మధ్య 130 ఏళ్లున్నాయి. వ్యాసంలో "సంప్రదాయవాదులు అన్నారు" అనే బదులు "పిగూ అన్నాడు" అని రాయగలిగితే దిద్దేవాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది.

అడ్డ వరుసలకు 'రచయిత, పుస్తకం, ప్రమేయాలు, ప్రాముఖ్యత, విమర్శ' అని పెట్టాను. సరిపోతుందా?

ఇది గైడ్లలో కనిపించే టేబుల్. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది కానీ దేన్నీ పోల్చదు. ప్రాముఖ్యత అన్న వరుసలో ముగ్గురికీ "ఆర్థిక శాస్త్రంలో మైలురాయి" అని రాయాల్సి వస్తుంది. విమర్శ అన్న వరుసలో ఒక్కొక్కరికీ ఒక్కో సంగతి మీద విమర్శ ఉంటుంది కాబట్టి పక్కపక్కన పెట్టినా ఒకదానికొకటి తగలవు.

అడ్డ వరుస ఒక ప్రశ్న కావాలి. ముగ్గురినీ మన అరుగు మీద కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగితే ముగ్గురూ వేర్వేరు జవాబులు చెప్పేట్టు ఉండాలి. మార్జిన్లలో పెన్సిల్‌తో రాసుకున్న ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చినవి ఏరితే వరుసలు వాటంతట అవే వస్తాయి. ఈ వ్యాసానికి నేను వాడేవి ఐదు: నిరుద్యోగిత ఎందుకు ఉంటుంది? కూలి తగ్గిస్తే ఏమవుతుంది? జనం పొదుపు పెంచితే ఏమవుతుంది? ద్రవ్యం పని ఏమిటి? ప్రభుత్వం ఏం చేయాలి? ఆరోది మీకు తట్టితే పెట్టుకోండి, పదోది మాత్రం వద్దు.

పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఒక వరుసలో మూడు గడులూ నింపాక నిలువు వరుసల పేర్లను చేత్తో మూసేయండి. ఏ గడి ఎవరిదో చెప్పగలిగితే అది మంచి వరుస. చెప్పలేకపోతే కొట్టేయండి.

'అంచనాలు' అని ఒక వరుస పెట్టాను. కీన్సుకీ ఫ్రీడ్‌మన్‌కీ ఇద్దరికీ 'అంచనాలు ముఖ్యం' అని వచ్చింది. ఇద్దరూ ఒకటే చెప్పారా?

కాదు, మాట ఒకటే, సంగతులు రెండు. పుస్తకాల్లో ప్రత్యాశలు అని రాసేది దీన్నే. కీన్స్ దగ్గర అంచనా వేసేది పెట్టుబడిదారు. ఈ మిషను కొంటే వచ్చే పదేళ్లలో ఎంత రాబడి వస్తుందోనని. ఆ అంచనా నీరసిస్తే పెట్టుబడి పడిపోతుంది, దాంతో సార్థక డిమాండ్ పడిపోతుంది. ఫ్రీడ్‌మన్ దగ్గర అంచనా ధరల గురించి. వచ్చే ఏడాది ధరలు ఎంత పెరుగుతాయోనని కూలీ, యజమానీ వేసుకునేది. ఆ అంచనా తప్పినంత కాలమే నిరుద్యోగిత సహజ రేటు నుంచి పక్కకు జరుగుతుంది.

వరుసను రెండుగా చీల్చండి: "రాబడి అంచనా మారితే?" అనీ, "ధరల అంచనా తప్పితే?" అనీ. ఒకే మాట రెండు గడుల్లో కనిపిస్తే ఎప్పుడైనా సరే, "ఎవరు, దేని గురించి?" అని అడిగి చూడండి.

## గడులు నింపేటప్పుడు

ఒక్కో గడిలో ఎంత రాయాలి? నాకు పేరాలకు పేరాలు వచ్చేస్తున్నాయి.

ఇరవై మాటలకు మించొద్దు. ఒక జవాబు, దానికి "ఎందుకంటే" అని ఒక కారణం, చివర పేజీ గుర్తు. కారణం లేని గడి పనికిరాదు. "కీన్స్: ప్రభుత్వ జోక్యం అవసరం" అని రాసుకుంటే వ్యాసంలో ఆ ఒక్క వాక్యం తర్వాత పెన్ను ఆగిపోతుంది. "ప్రభుత్వం ఖర్చు పెంచాలి, ఎందుకంటే ప్రైవేటు పెట్టుబడి తనంతట తాను లేవదు (న-9)" అని ఉంటే ఆ "ఎందుకంటే" నుంచి ఒక పేరా సాగుతుంది.

కాగితం ఏ3 సైజు తీసుకోండి, లేదా రెండు ఏ4 వైట్ షీట్లు వెనక నుంచి అంటించండి.

కూలి తగ్గింపు గురించి కీన్స్ గడిలో ఏం రాయాలి? మూడు నోట్సుల్లో మూడు రకాలుగా ఉంది.

ఈ వ్యాసం మొత్తంలో ఎక్కువ మంది జారిపడేది ఈ గడిలోనే. పోయినేడాది మేడ మీద మూడు నోట్సులు పక్కపక్కన పెట్టి చూశాం. ఎర్ర పుస్తకంలో "కార్మిక సంఘాల వల్ల కూలి తగ్గదు, అందుకే నిరుద్యోగిత" అని ఉంది. నల్ల పుస్తకంలో "కూలి తగ్గించినా ఉద్యోగిత పెరగదు" అని ఉంది. జిరాక్స్‌లో "కూలి తగ్గితే వడ్డీ తగ్గి ఉద్యోగిత పెరగవచ్చు" అని ఉంది. ముగ్గురు లెక్చరర్లు మూడు చెప్పారని పిల్లలు గోల.

మూడూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు, చిక్కు అక్కడుంది. ఎర్ర పుస్తకం మాట "కూలి ఎందుకు తగ్గదు?" అనే ప్రశ్నకు జవాబు. కార్మికులు ద్రవ్య వేతనం కోతను ఒప్పుకోరని కీన్స్ అన్నమాట నిజమే. కానీ నిరుద్యోగితకు అసలు కారణం అదేనని అనలేదు. కూలి బిగుసుకుపోవడం వల్లే నిరుద్యోగిత అనేది పిగూ మాటకు దగ్గర. దాన్ని కీన్స్ గడిలో రాస్తే ఇద్దరికీ తేడా ఉండదు, ఇక వ్యాసమే లేదు.

కీన్స్ పుస్తకం 19వ అధ్యాయం మొత్తం ఇంకో ప్రశ్న మీద నడుస్తుంది: సరే, కూలి తగ్గిందనే అనుకుందాం, అప్పుడేమవుతుంది? లెక్కతో చూడండి. రోజు కూలి ₹600, కిలో బియ్యం ₹50 అనుకుందాం. కూలి బియ్యంలో 12 కిలోలు. దేశమంతా కూలి 10 శాతం తగ్గి ₹540 అయింది. ఖర్చులో పెద్ద భాగం కూలే కాబట్టి, కొనేవాళ్ల చేతిలో డబ్బూ తగ్గింది కాబట్టి, పోటీలో ధరలు కూడా 10 శాతం తగ్గి బియ్యం ₹45 అయిందనుకోండి. ఇప్పుడు కూలి బియ్యంలో ఎంత? 540ని 45తో భాగిస్తే మళ్లీ 12 కిలోలే. నిజ వేతనం మారలేదు. యజమానికి కొత్తగా ఇంకొకరిని పెట్టుకోవాల్సిన కారణం ఏదీ రాలేదు. కార్మికులు ద్రవ్య వేతనం గురించి బేరమాడగలరు గానీ నిజ వేతనం వాళ్ల చేతిలో లేదని కీన్స్ అనేది ఇందుకే. నల్ల పుస్తకం మాట ఇదీ.

జిరాక్స్ మాట కూడా అదే అధ్యాయంలోది. కూలీ ధరలూ తగ్గితే లావాదేవీలకు అంత డబ్బు అక్కర్లేదు, మిగిలిన డబ్బు వల్ల వడ్డీ తగ్గుతుంది, పెట్టుబడి కొంత పెరగవచ్చు. ఆ దారి ఉందని కీన్సే ఒప్పుకున్నాడు. కాకపోతే అంత పని బ్యాంకు ద్రవ్య సప్లయ్ పెంచితే కూడా జరుగుతుంది, దానికోసం కూలీల పొట్ట కొట్టడం దేనికి అన్నాడు. (పొట్ట కొట్టడం నా మాట, ఆయనది కాదు.)

కాబట్టి వరుసను రెండు చేయండి. "కూలి ఎందుకు తగ్గదు?" అనే వరుసలో ఎర్ర పుస్తకం మాట పడుతుంది. "తగ్గితే ఏమవుతుంది?" అనే వరుసలో నల్ల పుస్తకం మాట ముందు, జిరాక్స్ మాట మినహాయింపుగా వెనక పడతాయి. ముగ్గురు లెక్చరర్లూ సరిగ్గానే చెప్పారు, మన మార్జిన్‌లో ప్రశ్న రాసుకోలేదు అంతే.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో కూలి తగ్గించినట్టు ఉదాహరణ రాశాను. లోకల్‌గా ఉంటుందని. బావుందా?

లోకల్‌గా ఉంది, కానీ తప్పు పక్షానికి సాక్ష్యం చెబుతుంది. చీమకుర్తి రాయి చాలావరకు ఓడలెక్కి విదేశాలకు పోతుంది. అక్కడ కూలి తగ్గి రాయి ధర తగ్గితే కొనేవాళ్లు బయటి దేశాలవాళ్లు. వాళ్ల ఆదాయం చీమకుర్తి కూలి మీద ఆధారపడదు. కాబట్టి ఆర్డర్లు పెరిగి ఉద్యోగిత పెరగవచ్చు. ఇది కీన్స్ కూడా కాదనలేదు. బయటి దేశాలతో వ్యాపారం ఉన్నప్పుడు, వాళ్ల కంటే మన కూలి తగ్గితే ఎగుమతుల వైపు నుంచి మేలు జరగొచ్చని 19వ అధ్యాయంలోనే రాశాడు. నెల్లూరు రొయ్యల చెరువుల ఉదాహరణకూ ఇదే చిక్కు.

కీన్స్ వాదానికి ఉదాహరణ కావాలంటే, ఇక్కడి కూలీలే కొనే సరుకు తీసుకోండి. ఒక టౌనులో టైలర్లు, తాపీ మేస్త్రీలు, హోటల్ సర్వర్లు అందరికీ ఒకేసారి కూలి తగ్గితే, ఆ హోటల్లో టిఫిన్ చేసేదీ, ఆ టైలర్ దగ్గర చొక్కా కుట్టించుకునేదీ వాళ్లే కాబట్టి బేరాలు పడిపోతాయి. ఒక్క హోటలు మాత్రమే కూలి తగ్గిస్తే ఆ ఓనరుకి లాభం. అందరూ తగ్గిస్తే ఎవరికీ లేదు. గ్రానైట్ ఉదాహరణను పారేయొద్దు. పిగూ గడి పక్కన "ఎగుమతి సరుకుకు ఇది నడుస్తుంది" అని రాసుకోండి. వ్యాసంలో హద్దు చెప్పడానికి పనికొస్తుంది.

పిగూ ప్రభావం ఏ గడిలో పెట్టాలి? పిగూ సంప్రదాయవాది కదా, కానీ కీన్స్ తర్వాత వచ్చింది కదా?

సంప్రదాయ వరుసలోనే పెట్టండి, పక్కన 1943 అని ఏడాది వేయండి. ధరలు తగ్గితే జనం దగ్గరున్న డబ్బు కొనుగోలు శక్తి పెరుగుతుంది, చేతిలో సొమ్ము బరువెక్కినట్టు అనిపించి ఖర్చు పెంచుతారు, అలా ఉద్యోగిత తిరిగి లేస్తుంది అనేది వాదం. ఇది కీన్సుకి జవాబుగా వచ్చింది. ఏడాది వేయకపోతే "పిగూ ప్రభావాన్ని కీన్స్ 1936లో ఖండించాడు" లాంటి వాక్యాలు పుడతాయి. నేను నిజంగా చూశాను.

దీని మీద కలెస్కీ 1944లో పెట్టిన అభ్యంతరం కూడా అదే గడిలో చిన్న అక్షరాలతో రాసుకోండి. ధరలు తగ్గినా అప్పు మాత్రం రూపాయల్లో అంతే ఉంటుంది. అప్పున్నవాళ్ల నెత్తిన బరువు పెరిగి దివాలాలు వస్తాయి. పొగాకు ధర పడిన ఏడాది బ్యారన్ మీద అప్పున్న రైతును అడిగితే ఇది ఇంకా బాగా చెబుతాడు.

కొన్ని గడులు ఖాళీగానే ఉన్నాయి. గైడ్ చూసి నింపేయనా?

ముందు ఎందుకు ఖాళీనో తేల్చుకోండి. క్లాసులో చెప్పి ఉంటారు, మీ నోట్సులో లేదు అనిపిస్తే ప్రశ్న గుర్తు పెట్టండి. ఆ సిద్ధాంతం ఆ ప్రశ్న ఎత్తుకోనే లేదు అనిపిస్తే అడ్డగీత పెట్టండి. ప్రశ్న గుర్తులకు పుస్తకం వెతకాలి. అడ్డగీతలను అలాగే వదలాలి, ఎందుకంటే అవి కూడా జవాబులే. ధరల అంచనా తప్పడం అనే వరుసలో సంప్రదాయ గడిలో గీత పడితే, ఫ్రీడ్‌మన్ కొత్తగా తెచ్చిందేమిటో ఆ గీతే చూపిస్తుంది.

నింపిన టేబుల్ ఎట్టా ఉంటుందో ఒకటి చూపించక్కా.

పోయినేడాది మేడ మీద తయారైన దాంట్లోంచి నాలుగు వరుసలు:

| ప్రశ్న | సంప్రదాయ (పిగూ) | కీన్స్ | ఫ్రీడ్‌మన్ |
|---|---|---|---|
| నిరుద్యోగిత ఎందుకు? | కూలి ఉండాల్సిన చోటు కంటే పైన నిలిచిపోవడం వల్ల (ఎ-14) | సరుకులకు చాలినంత సార్థక డిమాండ్ లేకపోవడం వల్ల (న-7) | సహజ రేటు ఎప్పుడూ ఉంటుంది. ధరల అంచనా తప్పితే అటూ ఇటూ జరుగుతుంది (జి-3) |
| కూలి తగ్గితే? | ఉద్యోగిత పెరుగుతుంది, ఎందుకంటే మనిషిని పెట్టుకోవడం చవక (ఎ-15) | నమ్మకం లేదు, ఎందుకంటే ధరలూ డిమాండూ తగ్గుతాయి. వడ్డీ దారి ఒక్కటే (న-8, జి-5) | ముఖ్యం నిజ వేతనం. అది సర్దుకోవడానికి టైం పడుతుంది (జి-4) |
| పొదుపు పెరిగితే? | వడ్డీ తగ్గి పెట్టుబడి పెరుగుతుంది (ఎ-11) | ఖర్చు తగ్గి ఆదాయం పడుతుంది (న-10) | ? |
| ప్రభుత్వం? | అడ్డు తప్పుకోవాలి, కూలి కదలనివ్వాలి (ఎ-16) | ఖర్చు పెంచాలి, ఎందుకంటే పెట్టుబడి తనంతట లేవదు (న-9) | ద్రవ్య సప్లయ్‌ని ఏటా ఒకే రేటుతో పెంచాలి, 3 నుంచి 5 శాతం (జి-6) |

పొదుపు వరుసలో ఫ్రీడ్‌మన్ గడి చూడండి. అది గీత కాదు, ప్రశ్న గుర్తు. ఆ క్లాసు రోజు కందుకూరు బస్సు లేటు.

## టేబుల్ నుంచి వ్యాసానికి

టేబుల్ బాగానే వచ్చింది. వ్యాసం మాత్రం 'కీన్స్ ఇలా అన్నాడు, ఫ్రీడ్‌మన్ అలా అన్నాడు' అని మూడు ముక్కలుగా వస్తోంది. ఎట్టా?

మీరు టేబుల్‌ని నిలువుగా చదివి రాస్తున్నారు. అడ్డంగా చదివి రాయండి. ఒక అడ్డ వరుస ఒక పేరా. పేరా మొదట్లో ప్రశ్న, తర్వాత ఇద్దరి జవాబులు, వాళ్లు ఎక్కడ విడిపోయారో ఒక వాక్యం.

కూలి వరుసను పేరాగా మారిస్తే ఇట్టా వస్తుంది: "కూలి తగ్గిస్తే ఉద్యోగిత పెరుగుతుందా? ఒక సంస్థను విడిగా చూసిన పిగూకి జవాబు తేలిక: శ్రమ చవకైతే యజమాని ఎక్కువమందిని పెట్టుకుంటాడు. సంస్థ సరుకుకు ఉండే డిమాండ్ మారదన్నది ఇందులో దాగిన ప్రమేయం. కీన్స్ పట్టుకున్నది దాన్నే. దేశమంతా కూలి తగ్గితే కొనేవారి ఆదాయమూ తగ్గుతుంది, ధరలూ తగ్గుతాయి, నిజ వేతనం ఉన్నచోటే ఉండవచ్చు. కాబట్టి ఇద్దరి తగవు కూలి గురించి కాదు, డిమాండ్ కదలకుండా ఉంటుందా లేదా అన్నదాని గురించి." చివరి వాక్యం ఏ నోట్సులోనూ లేదు చూడండి. రెండు గడులు పక్కపక్కన ఉన్నందువల్ల కనిపించింది.

ఐదు వరుసలూ వాడక్కర్లేదు. ప్రశ్న కూలి మీద వస్తే మొదటి రెండూ, ప్రభుత్వం వరుసా చాలు.

చివర్లో ఎవరు కరెక్టో చెప్పాలా? టెన్షన్‌గా ఉంటుంది, సార్ ఏ పక్షమో తెలియదు.

గెలిచిందెవరో చెప్పక్కర్లేదు, ఏ పరిస్థితికి ఎవరి గడి సరిపోతుందో చెప్పండి. 1933లో అమెరికాలో శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు. అంతమందీ కూలి ఎక్కువ అడిగి ఇంట్లో కూర్చున్నారని చెప్పడం పిగూ గడికి కష్టం. 1970ల్లో అమెరికా, బ్రిటన్‌లలో ధరలూ నిరుద్యోగితా కలిసి పెరిగాయి. ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతుందని ఫిలిప్స్ రేఖను నమ్ముకున్నవాళ్లకు అది మింగుడు పడలేదు. ఆ బేరం ఎక్కువ కాలం నిలవదని ఫ్రీడ్‌మన్ 1967 డిసెంబర్ ఉపన్యాసంలో ముందే అన్నాడు.

మన దేశం గురించి ఒక మాట చేర్చాలనుకుంటే వి.కె.ఆర్.వి. రావు 1952లో చెప్పింది పనికొస్తుంది. డిమాండ్ పెంచినంత మాత్రాన వ్యవసాయ దేశంలో ఉత్పత్తి వెంటనే పెరగదు, ప్రచ్ఛన్న నిరుద్యోగిత అలాగే ఉండి ధరలు పెరుగుతాయి, కీన్స్ గుణకం ఇక్కడ అనుకున్నట్టు పనిచేయదు అన్నాడు. దీనికి టేబుల్‌లో వేరే నిలువు వరుస వద్దు. కీన్స్ వరుస కింద, గీత బయట రాసుకోండి.

ఫోన్‌లో షీట్స్‌లో వేసుకుంటే సరిపోదా?

వేసుకోవచ్చు. కానీ ఫోన్ తెరలో ఒకేసారి నాలుగు నిలువు వరుసలు కనబడవు. పక్కకు జరిపేసరికి మొదటి గడి మర్చిపోతాం. కాగితం మీద పూర్తిచేసి, బస్సులో చూసుకోవడానికి ఫొటో తీసుకోండి.

టేబుల్‌ని బట్టీ పట్టాలా?

మక్కీకి మక్కీ వద్దు. వైట్ షీట్ మీద ప్రశ్నలూ పేర్లూ మాత్రం రాసి ఖాళీ గడులు నింపడానికి ప్రయత్నించండి. పదిహేను నిమిషాలు చాలు. తర్వాత అసలు దాంతో పోల్చి, తప్పిన గడుల పేజీ గుర్తు చూసి ఆ నోట్సు పేజీ ఒక్కటే తిరగేయండి. నలభై పేజీలు మళ్లీ చదవక్కర్లేకుండా చేసేది ఆ చిన్న గుర్తులే. జవాబు గుర్తొచ్చి "ఎందుకంటే" గుర్తురాకపోతే దాన్ని కూడా తప్పుగానే లెక్కేయండి.

పరీక్ష హాల్లో వ్యాసంలోనే టేబుల్ గీయొచ్చా?

గీయొచ్చు, కానీ వ్యాసానికి బదులుగా కాదు. ఇద్దరు ముగ్గురు ఆర్థికవేత్తలు, మూడు ప్రశ్నలు, గడికి నాలుగైదు మాటలు. స్కేలు, పెన్సిల్ చాలు, ఐదు నిమిషాలకు మించకూడదు. మొదట్లో గీస్తే కింద రాసేదంతా అదే మళ్లీ చెప్పినట్టు ఉంటుంది. పేరాలన్నీ అయ్యాక, ముగింపుకు ముందు గీయండి. గడుల్లో రాసిన ఏ మాటా పైన పేరాల్లో వివరించకుండా ఉండకూడదు. టైం చాలకపోతే వదిలేయాల్సింది ముందు దీన్నే.